ఇన్సూరెన్స్ క్లెయిమ్ అనుభవాన్ని రివ్యూగా రాయడం ఎలా: తేదీలు, కాగితాలు, ఉత్తరాలు

"డబ్బులు వచ్చాయి కానీ చాలా తిప్పారు" అని రాస్తే, రేపు అదే కంపెనీలో క్లెయిమ్ వేయబోయే మనిషికి ఏమీ తెలియదు. ఎన్నాళ్లు తిప్పారు? అందులో కంపెనీ దగ్గర గడిచినవి ఎన్ని, ఆసుపత్రి దగ్గర గడిచినవి ఎన్ని, మన చేతిలో ఆగినవి ఎన్ని? ఏ కాగితం అడిగారు, దాన్ని మొదటిసారే అడగగలిగేవారా? తగ్గించిన మొత్తానికి కారణం చెప్పారా? రివ్యూలో ఈ ప్రశ్నలకు జవాబులు ఉండాలి.

క్లెయిముల్లో రకాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుంటున్నాం: ఆసుపత్రి బిల్లు మనమే కట్టేసి, తర్వాత కాగితాలు పంపి డబ్బు తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్. కాగితాలూ ఉత్తరాలూ ఎక్కువగా నడిచేది ఇందులోనే. క్యాష్‌లెస్‌లో ఆసుపత్రికీ కంపెనీకీ మధ్య జరిగేది రోగికి చాలావరకు కనబడదు. అక్కడ లెక్క రోజుల్లో కాకుండా గంటల్లో ఉంటుంది కాబట్టి దాని రివ్యూ వేరేగా రాయాలి.

## 1. ముందు ఫైలు సిద్ధం చేసుకోండి

గుర్తున్నదాన్ని బట్టి రాస్తే తేదీలు తప్పుతాయి. కోపం వచ్చిన రోజు బాగా గుర్తుంటుంది, మనం ఆలస్యం చేసిన వారం గుర్తుండదు. అందుకే రాయడానికి కూర్చునే ముందు ఇవన్నీ ఒక్కచోట పెట్టుకోండి.

- డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు, డబ్బు కట్టిన రసీదు
- క్లెయిమ్ ఫారం కాపీ, దానితో వచ్చిన కాగితాల జాబితా
- పంపిన ప్రతి కాగితం స్కాన్ కాపీ, కొరియర్ రసీదు, అందినట్టు చూపించే ట్రాకింగ్ పేజీ
- కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిళ్లు, ఎస్ఎంఎస్‌లు, ఉత్తరాలు, వాటి కవర్లతో సహా
- పోర్టల్‌లో స్టేటస్ మారినప్పుడల్లా తీసిన స్క్రీన్‌షాట్లు
- ఫోన్ చేసిన రోజు, సమయం, కాల్ రిఫరెన్స్ నంబరు, అవతలివాళ్లు చెప్పిన మాట
- సెటిల్‌మెంట్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు జమ అయిన వరుస

స్క్రీన్‌షాట్లను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. చాలా పోర్టళ్లు ప్రస్తుత స్టేటస్ మాత్రమే చూపిస్తాయి. నిన్న 'డాక్యుమెంట్లు అందాయి' అని ఉన్నచోట ఈరోజు 'క్వెరీ పంపాం', అంటే ఇంకా కాగితాలో వివరణో కావాలని అడిగాం, అని మారితే, నిన్నటి తేదీ మళ్లీ కనబడకపోవచ్చు. క్లెయిమ్ ఇంకా నడుస్తుంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఫైళ్లకు పేరు తేదీతో మొదలయ్యేలా పెడితే వాటంతటవే వరుసలో కూర్చుంటాయి:

```
03-17_delivered.png
03-28_query1.pdf
04-02_reply1.pdf
```

## 2. తేదీల పట్టీ రాయండి

ఒక కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమవైపు తేదీ, కుడివైపు జరిగిన పని. పని అంటే కాగితం కదలడమో, ఉత్తరం రావడమో, నిర్ణయం వెలువడడమో. "ఫోన్ చేసి అడిగాను, చూస్తున్నామన్నారు" లాంటివి ఈ పట్టీలో వద్దు. వాటికి వేరే చోటు ఉంది.

ఉత్తరం మీద వేసిన తేదీ, అది మన చేతికొచ్చిన తేదీ ఒకటి కాకపోతే రెండూ రాసుకోండి. ఈమెయిల్‌కు అటాచ్ చేసిన ఉత్తరం మీద మూడు రోజుల కిందటి తేదీ ఉండడం మామూలే. లెక్కకు ఈమెయిల్ వచ్చిన తేదీనే తీసుకోవాలి. మనం జవాబివ్వగలిగేది ఆ రోజు నుంచే కదా.

ఉదాహరణకు ఒక కల్పిత క్లెయిమ్ తీసుకుందాం. పిత్తాశయంలో రాళ్లకు లాపరోస్కోపిక్ ఆపరేషన్ జరిగింది. దాని పట్టీ ఇది:

- మార్చి 6: డిశ్చార్జి
- మార్చి 14: కాగితాలు కొరియర్‌లో పంపడం
- మార్చి 17: కంపెనీకి అందడం
- మార్చి 28: మొదటి క్వెరీ (స్కాన్ రిపోర్టు, మొదటిసారి డాక్టరుకు చూపించుకున్న చీటీ)
- ఏప్రిల్ 2: జవాబు
- ఏప్రిల్ 12: రెండో క్వెరీ (ఆసుపత్రి కేస్ షీట్లు, జబ్బు ఎప్పటి నుంచి ఉందో డాక్టరు ఉత్తరం)
- ఏప్రిల్ 20: ఆసుపత్రి ఆ కాగితాలు ఇవ్వడం
- ఏప్రిల్ 21: జవాబు
- ఏప్రిల్ 30: మూడో క్వెరీ (డబ్బు కట్టిన ఒరిజినల్ రసీదు)
- మే 1: జవాబు
- మే 9: సెటిల్‌మెంట్ లెటర్
- మే 13: డబ్బు జమ

ఇక్కడి జవాబులన్నీ ఈమెయిల్‌లోనో పోర్టల్‌లోనో వెళ్లాయి కాబట్టి అవి అదే రోజు అందినట్టు లెక్క. కొరియర్‌లో పంపి ఉంటే పంపిన తేదీ, అందిన తేదీ విడివిడిగా రాయాలి.

## 3. ప్రతి రోజునూ ఒకరి ఖాతాలో వేయండి

మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే. మార్చి 6 నుంచి మే 13 వరకు 68 రోజులు. "68 రోజులు పట్టింది" అని రాసి వదిలేస్తే అది నిజమే, కానీ చదివేవాళ్లు అదంతా కంపెనీ ఆలస్యమే అనుకుంటారు. ఆ పొరపాటుకు అవకాశం ఇవ్వకూడదు.

రెండు వరుస తేదీల మధ్య ఫైలు ఎవరి చేతిలో ఉందో చూసి, ఆ రోజులను వాళ్ల పేరు కింద వేయండి. మొదటి తేదీని లెక్కలోకి తీసుకోకుండా, రెండో తేదీని తీసుకోండి. మార్చి 28 నుంచి ఏప్రిల్ 2 అంటే 5 రోజులు.

మన చేతిలో: డిశ్చార్జి నుంచి పంపేదాకా 8, మొదటి జవాబుకు 5, ఆసుపత్రి కాగితాలిచ్చాక పంపడానికి 1, మూడో జవాబుకు 1. మొత్తం 15.

కొరియర్‌లో: 3.

ఆసుపత్రి దగ్గర: కేస్ షీట్లు అడిగాక ఇచ్చేదాకా 8.

కంపెనీ దగ్గర: కాగితాలు అందాక మొదటి క్వెరీకి 11, మొదటి జవాబు తర్వాత 10, రెండో జవాబు తర్వాత 9, మూడో జవాబు తర్వాత నిర్ణయానికి 8, నిర్ణయం నుంచి డబ్బు జమకు 4. మొత్తం 42.

నాలుగూ కలిపితే 68 రావాలి. రాకపోతే ఏదో ఒక తేదీని రెండుసార్లు లెక్కపెట్టారు, లేదా మధ్యలో ఒకటి వదిలేశారు. ఈ కూడిక సరిపోయేదాకా ముందుకు వెళ్లకండి.

కంపెనీ తరఫున కాగితాలు చూసే మధ్యవర్తి సంస్థ, అంటే టీపీఏ ఉంటే ఇంకో గడి కావాలి. క్వెరీ పంపింది టీపీఏనా, కంపెనీయా అన్నది ఉత్తరం పైన ఉన్న లెటర్‌హెడ్‌లోనే కనబడుతుంది. టీపీఏ దగ్గర ఎన్ని రోజులు, అక్కడి నుంచి కంపెనీకి వెళ్లాక ఎన్ని రోజులు అనేది బయటికి తెలియకపోతే రెండూ కలిపే రాయండి, కలిపి రాసినట్టు కూడా చెప్పండి. ఊహించి విడగొట్టవద్దు.

## 4. కంపెనీ లెక్క, మీ లెక్క ఎందుకు కలవవో చూపండి

ఇదే క్లెయిముకు "మేం 8 రోజుల్లో తేల్చాం" అని కంపెనీ అనొచ్చు. అది అబద్ధం కాదు. ఆఖరి కాగితం మే 1న అందింది, మే 9న నిర్ణయం వచ్చింది. క్లెయిమ్ తేల్చడానికి గడువులు చాలాచోట్ల 'అవసరమైన ఆఖరి కాగితం అందిన రోజు' నుంచి మొదలవుతాయి. కాబట్టి ప్రతి కొత్త క్వెరీతో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీ పాలసీ పత్రంలో గడువు గురించిన నిబంధన తీసి, లెక్క ఏ రోజు నుంచి అన్నారో, పనిదినాలా మామూలు రోజులా అన్నది కూడా చూడండి.

రివ్యూలో మూడు అంకెలు పక్కపక్కన పెడితే చాలు:

- డిశ్చార్జి నుంచి డబ్బు జమ వరకు: 68 రోజులు
- కాగితాలు మొదటిసారి అందినప్పటి నుంచి జమ వరకు: 57 రోజులు
- నిజంగా అవసరమైన ఆఖరి కాగితం అందినప్పటి నుంచి జమ వరకు: 22 రోజులు

మూడో అంకెకు ఏప్రిల్ 21 నుంచి లెక్కపెట్టాం, మే 1 నుంచి కాదు. మూడో క్వెరీలో అడిగిన రసీదు మార్చి 14న పంపిన కట్టలోనే ఉంది. ఇలా ఏ తేదీ ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో చెబితే, చదివేవాళ్లు ఒప్పుకోకపోయినా తమ లెక్క తాము వేసుకోగలుగుతారు.

ఒక జాగ్రత్త. జవాబు సమయానికి అందలేదని కంపెనీ క్లెయిమ్‌ను మూసేసి, తర్వాత మళ్లీ తెరిస్తే పోర్టల్‌లో కొత్త తేదీయో, కొత్త నంబరో కనబడవచ్చు. మీ పట్టీ మాత్రం మొదటి తేదీ నుంచే నడవాలి. మూసిన రోజు, తెరిచిన రోజు అందులో రెండు వరుసలవుతాయి.

## 5. అడిగిన ప్రతి కాగితానికి మూలం వెతకండి

"అడిగిన కాగితమే మళ్లీ మళ్లీ అడిగారు" అనేది రివ్యూల్లో తరచూ కనబడే మాట. చాలాసార్లు అడిగింది అదే కాగితం కాదు, దగ్గరి పోలిక ఉన్న ఇంకో కాగితం. బిల్లు వేరు, పద్దులవారీ బిల్లు వేరు, రసీదు వేరు. డిశ్చార్జి సమ్మరీ వేరు, వార్డులో రోజువారీగా రాసే కేస్ షీట్లు వేరు. ముందు ఈ తేడా సరిచూసుకోండి.

తర్వాత ప్రతి క్వెరీని ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించండి.

ఈ కాగితం మొదటి జాబితాలో ఉందా? క్లెయిమ్ ఫారంతో ఇచ్చిన జాబితా తీసి చూడండి. ఉదాహరణలో స్కాన్ రిపోర్టు అడిగారు. జాబితాలో 'జబ్బుకు సంబంధించిన పరీక్షల రిపోర్టులు' అని ఉంది. ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్షలు పంపాం, చేరకముందు బయట తీయించిన స్కాన్ పంపలేదు. అది మన లోపమే, రివ్యూలో అలాగే రాయాలి. అయితే జాబితాలోని మాట వదులుగా ఉండడం కూడా నిజం. 'చేరకముందు తీసినవి కూడా' అన్న ముక్క ఉండి ఉంటే ఈ క్వెరీ వచ్చేది కాదు. రెండూ రాయండి.

ఈ ప్రశ్న పుట్టించిన వాక్యం వాళ్ల దగ్గర ఎప్పటి నుంచి ఉంది? క్వెరీ ఊరికే రాదు. మనం పంపిన ఏదో కాగితంలోని ఒక మాట దాన్ని పుట్టిస్తుంది. రెండో క్వెరీలో జబ్బు ఎప్పటి నుంచి ఉందో డాక్టరు ఉత్తరం కావాలన్నారు. డిశ్చార్జి సమ్మరీ తెరిస్తే 'చాలాకాలంగా అప్పుడప్పుడు కడుపునొప్పి' అనే వాక్యం ఉంది. పాలసీ తీసుకోకముందు నుంచే జబ్బు ఉందా, అలాంటి జబ్బులకు డబ్బు ఇవ్వని తొలి కాలం, అంటే వెయిటింగ్ పీరియడ్ కిందకు వస్తుందా అనేది తేల్చుకోవడానికి అడిగారు. అడగడం సబబే. కానీ ఆ సమ్మరీ మార్చి 17నే వాళ్లకు అందింది. కాబట్టి ఈ ప్రశ్న మార్చి 28 నాటి మొదటి క్వెరీలోనే ఉండాల్సింది. విడిగా అడగడం వల్ల ఏప్రిల్ 2 నుంచి 12 వరకు 10 రోజులు అదనంగా పోయాయి.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. మొదటి జవాబుగా పంపిన చీటీలో డాక్టరు 'రెండేళ్లుగా నొప్పి' అని రాసి ఉంటే, రెండో క్వెరీ దానివల్లే పుట్టినట్టు. అప్పుడు కంపెనీని తప్పుపట్టడానికి లేదు. అందుకే మూలం దొరక్కుండా "విడతలవారీగా అడిగి సాగదీశారు" అని రాయకూడదు.

ఇది ముందే పంపినదేనా? అవునంటే రుజువు చూపాలి. కట్ట పంపేటప్పుడు పైన పెట్టిన జాబితాలో ఆ కాగితం పేరు, పేజీ నంబరు ఉండాలి. దానితోపాటు కట్ట అందినట్టు పంపిన సందేశంలో ఎన్ని పేజీలు అందాయో వాళ్లే రాసి ఉంటే ఇక సందేహం లేదు. ఇవేవీ లేకపోతే "పంపాం, కానీ చూపించడానికి రుజువు లేదు" అని నిజాయితీగా రాయండి. కాపీ పంపితే ఒరిజినల్ అడగడం మళ్లీ అడిగినట్టు కాదు, అది కూడా చూసుకోండి.

ఇలా పరీక్షించాక ప్రతి క్వెరీ నాలుగింటిలో ఒకటిగా తేలుతుంది: మనం పంపనిది, కొత్త సమాచారం వల్ల పుట్టినది, ముందే అడగగలిగినది, ముందే అందినది. మన ఉదాహరణలో మూడు క్వెరీలకూ వరుసగా మొదటిది, మూడోది, నాలుగోది వర్తిస్తాయి.

## 6. ఉత్తరాల్లో స్పష్టత ఎంతో కొలవండి

'సరిగా మాట్లాడలేదు' అనే మాట గొంతు గురించా, సమాచారం గురించా తెలియదు. మర్యాద సంగతి ఒక వాక్యంలో చెప్పి వదిలేయొచ్చు. కొలవవలసింది సమాచారం. ప్రతి క్వెరీ ఉత్తరంలో ఈ నాలుగూ ఉన్నాయేమో టిక్కు పెట్టండి:

- ఏ కాగితం కావాలో పేరుతో చెప్పారా ('సంబంధిత పత్రాలు' అంటే చెప్పనట్టే)
- ఎందుకు కావాలో చెప్పారా
- ఎప్పటిలోగా, ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పారా
- ఎక్కడికి, ఏ రూపంలో పంపాలో చెప్పారా (ఒరిజినలా, స్కానా, ఆసుపత్రి ముద్ర ఉండాలా)

ఎక్కువగా లోపించేది రెండోది, దాని నష్టం కూడా ఎక్కువే. కారణం తెలియకపోతే ఆసుపత్రిలో డాక్టరును ఏమని అడగాలో తెలియదు. 'రోగికి పిత్తాశయ రాళ్లు ఉన్నాయి' అని ఆయన ఉత్తరం రాసిస్తే అది ఎందుకూ పనికిరాదు. కావలసింది రాళ్లు ఎప్పుడు మొదట బయటపడ్డాయి, ఏ పరీక్షలో అన్నది. ఉత్తరంలో కారణం లేకపోవడం వల్ల ఆసుపత్రికి రెండోసారి వెళ్లాల్సి వస్తే, అది రివ్యూలో రాయదగ్గ సంగతి.

ఫోన్‌లో ఒక మాట, ఈమెయిల్‌లో ఇంకో మాట, పోర్టల్‌లో మూడో మాట ఉంటే ఆ మూడింటినీ తేదీలతో పక్కపక్కన పెట్టండి. 'ఏప్రిల్ 24న ఫోన్‌లో అన్ని కాగితాలూ అందాయన్నారు, ఏప్రిల్ 30న రసీదు లేదని ఉత్తరం వచ్చింది' అన్న ఒక్క వాక్యం చాలు, విమర్శ విడిగా చేయనక్కర్లేదు. క్లెయిమ్ ఇంకా నడుస్తున్నవాళ్లు ప్రతి ఫోన్ కాల్ తర్వాత "ఇప్పుడే మాట్లాడినప్పుడు మీరు ఇలా చెప్పారు, తప్పయితే సరిచేయండి" అని రెండు వరుసల ఈమెయిల్ పంపండి. ఫోన్ మాటకు రుజువు దొరికేది అలాగే.

## 7. తగ్గించిన మొత్తాన్ని విడగొట్టి చూపండి

పూర్తిగా రాని క్లెయిముల్లో గొడవంతా కోతల దగ్గరే. రివ్యూలో అసలు మొత్తాలు పెట్టనక్కర్లేదు. బిల్లును 100 అనుకుని చెబితే సొంత వివరాలు బయటపడవు, చదివేవాళ్లకూ తేలిక.

ఉదాహరణలో 100కు 86 వచ్చింది. 14 తగ్గింది. సెటిల్‌మెంట్ లెటర్‌లో రెండు వరుసలున్నాయి: గ్లౌజులు, సిరంజిలు లాంటి సామగ్రి 5, 'పాలసీ నిబంధనల ప్రకారం' 9.

మొదటి వరుసలో దేనికి తగ్గించారో తెలుస్తోంది. రెండోది అర్థం కాలేదు. మే 13న ఈమెయిల్‌లో అడిగితే మే 16న క్లాజు నంబరుతో జవాబొచ్చింది. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది. తీసుకున్న గది అద్దె 5 అయితే పరిమితి 4. ఇలాంటి క్లాజు ఉన్న పాలసీల్లో గది అద్దెనే కాక, దానితో ముడిపడిన డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు లాంటివాటిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. గది అద్దెతో కలిపి అలాంటి ఖర్చులు 45 ఉంటే అందులో ఐదింట నాలుగు వంతులు 36 ఇచ్చారు, 9 పోయింది. లెక్క సరిపోయింది.

ఇక్కడ రివ్యూ రాసేవాళ్లు రెండు తీర్పులు విడివిడిగా ఇవ్వాలి. కోత పాలసీ ప్రకారం సరైనదే. దాన్ని మొదటి ఉత్తరంలో చెప్పిన తీరు సరిగా లేదు. ఈ రెండింటినీ కలిపేసి "అన్యాయంగా కోశారు" అని రాస్తే తప్పు సమాచారం ఇచ్చినట్టవుతుంది. గది పరిమితి గురించి ముందే తెలుసుకోవలసిన వాళ్లకు ఆ సంగతే అందదు.

క్లెయిమ్ తిరస్కరించినా పద్ధతి ఇదే. ఏ క్లాజు చూపారు, ఏ వాక్యం ఆధారంగా చూపారు, పైన ఎవరికి ఫిర్యాదు చేసుకోవచ్చో ఉత్తరంలో చెప్పారా. ఈ మూడూ రాయండి. ఎందుకు తిరస్కరించారో వాళ్ల మనసులోని ఉద్దేశాన్ని ఊహించకండి.

## 8. ఇప్పుడు రాయండి

క్రమం ఇది: క్లెయిమ్ రకం, పాలసీ ఎంత పాతది, మొత్తం రోజులు, ఎవరి దగ్గర ఎన్ని, క్వెరీలు, ఉత్తరాల స్పష్టత, ఫలితం. ఫలితాన్ని ఆఖర్న పెట్టమనడానికి కారణం ఉంది. డబ్బు పూర్తిగా వచ్చిందని ముందే తెలిస్తే మిగతావన్నీ చిన్నవిగా అనిపిస్తాయి, రాలేదని తెలిస్తే అన్నీ పెద్దవిగా అనిపిస్తాయి.

మన ఉదాహరణ రివ్యూగా ఇలా తయారవుతుంది:

> రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్, ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్, పాలసీకి నాలుగో ఏడు. డిశ్చార్జి నుంచి డబ్బు జమ వరకు 68 రోజులు. అందులో కంపెనీ దగ్గర 42, మా దగ్గర 15, ఆసుపత్రి దగ్గర 8, కొరియర్ 3. (అన్నీ మామూలు రోజులు, సెలవులతో కలిపి.)
>
> మూడు క్వెరీలు వచ్చాయి. మొదటిది మేం స్కాన్ రిపోర్టు పెట్టకపోవడం వల్ల. రెండోది సబబైన ప్రశ్నే కానీ మొదటిదానితో కలిపి అడగగలిగేవారు, 10 రోజులు పోయాయి. మూడోదానిలో అడిగిన రసీదు ముందే అందింది, జాబితా చూపించాక ఒప్పుకున్నారు.
>
> ఉత్తరాల్లో కాగితాల పేర్లు, గడువు స్పష్టంగా ఉన్నాయి. ఎందుకు అడుగుతున్నారో ఒక్కదానిలోనూ లేదు. ఈమెయిల్‌కు 3 రోజుల్లో జవాబిచ్చారు.
>
> 100కు 86 వచ్చింది. గది అద్దె పరిమితి దాటడం వల్ల 9, సామగ్రికి 5 తగ్గించారు. గది కోత లెక్క అడిగాక వివరించారు, సెటిల్‌మెంట్ లెటర్‌లో లేదు.

చుక్కల రేటింగు ఇవ్వాల్సి వస్తే సమయానికి, కాగితాలకు, స్పష్టతకు విడివిడిగా ఆలోచించి, ఏది ఎందుకు తగ్గించారో ఒక మాట రాయండి. ఒక్క క్లెయిమ్ మీద "ఈ కంపెనీ ఎప్పుడూ ఇంతే" అనలేం.

## 9. పోస్టు చేసే ముందు దాచవలసినవి

- పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, ఆసుపత్రి రోగి నంబరు
- బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డు, ఫోన్, చిరునామా
- బార్‌కోడ్లు, క్యూఆర్ కోడ్లు (నంబరు చెరిపి వీటిని వదిలేయడం చాలా సాధారణం)
- ఉద్యోగులు, డాక్టర్ల పేర్లు, సంతకాలు
- రోగి మీరు కాకపోతే, రాయడానికి వాళ్లు అనుమతి ఇవ్వని జబ్బు వివరాలు

పీడీఎఫ్ మీద నల్ల గడి గీసి దాచామనుకోకండి. చాలాసార్లు ఆ గడి కింద అక్షరాలు అలాగే ఉంటాయి, ఎంపిక చేసి కాపీ చేస్తే బయటికొస్తాయి. గడి గీశాక ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మనే పెట్టండి. గడి పూర్తి నలుపుగా ఉండాలి. హైలైటర్ పెన్నుతో గీస్తే వెలుతురు పెంచినప్పుడు కింది అంకెలు కనబడతాయి.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్కపెట్టడం. క్లెయిమ్ ఫైలు అప్పటికి పుట్టలేదు. డిశ్చార్జి నుంచి మొదలుపెట్టండి. ముందస్తు సమాచారం ఇచ్చిన తేదీ ఉంటే విడిగా చెప్పండి, ఎందుకంటే దానికి పాలసీలో వేరే గడువు ఉంటుంది.

పనిదినాలూ మామూలు రోజులూ కలపడం. గడువు 15 పనిదినాలని ఉంటే 19 మామూలు రోజులు పట్టినా అది గడువు లోపలే కావచ్చు. రివ్యూ అంతా ఒకే రకం వాడి, ఏదో పైన చెప్పండి.

ఏజెంటు మాటను కంపెనీ మాటగా రాయడం. "వారంలో వచ్చేస్తుంది" అన్నది ఏజెంటయితే ఏజెంటనే రాయండి. కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన హామీతో దాన్ని కలపకండి.

ఆసుపత్రి ఆలస్యాన్ని వదిలేయడం. కేస్ షీట్లు ఇవ్వడానికి 8 రోజులు పట్టడం చదివేవాళ్లకు పనికొచ్చే సమాచారమే. డిశ్చార్జి రోజే వాటి కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని వాళ్లకు తడుతుంది.

నడుస్తున్న క్లెయిమ్‌కు తుది తీర్పు రాయడం. మధ్యలో రాయాల్సి వస్తే పైన 'ఏప్రిల్ 30 నాటికి, ఇంకా తేలలేదు' అని పెట్టండి. ఫిర్యాదు కూడా నడుస్తుంటే, అందులో రాసిన తేదీలూ రివ్యూలో రాసినవీ అక్షరాలా ఒకటే ఉండాలి. తేడా ఉంటే దాన్ని మీకే వ్యతిరేకంగా చూపించవచ్చు.

## 11. పోస్టు చేశాక

కంపెనీ నుంచి జవాబు వస్తే పాత మాటలు చెరిపేయకండి. కింద తేదీ వేసి కొత్త పేరా కలపండి: ఏం సరిచేశారు, దేనికి వివరణ ఇచ్చారు. మీ లెక్కలో తప్పు తేలితే తప్పు అంకె కనబడేలా ఉంచి, పక్కనే సరైనది రాయండి. మొదటి రూపం చదివి వెళ్లినవాళ్లు తిరిగొచ్చినప్పుడు ఏది మారిందో తెలియాలి.

మీరు రాసింది తీసేస్తేనే మిగిలిన మొత్తం ఇస్తామని ఎవరైనా ఫోన్‌లో అంటే, ఆ మాట ఈమెయిల్‌లో పంపమని అడగండి. రావలసిన మొత్తం పాలసీ ప్రకారం రావాలి, రివ్యూతో దానికి సంబంధం లేదు.

ఫైలును మాత్రం పారేయకండి. అదే పాలసీ మీద మళ్లీ క్లెయిమ్ వేస్తే, పాత సెటిల్‌మెంట్ లెటర్, జబ్బు ఎప్పటి నుంచి ఉందో డాక్టరు రాసిన ఉత్తరం మళ్లీ అడిగే అవకాశం ఉంది.